డిగ్రీలూ నిమిషాలా, దశాంశాలా: మ్యాపులో కొట్టడానికి ఏది మేలు?

శ్రీకాకుళం పట్టణం 18°18′ ఉత్తర అక్షాంశం, 83°54′ తూర్పు రేఖాంశం దగ్గర ఉందని పుస్తకాల్లో చదువుతాం. ఫోనులో మ్యాపు ఆ చోటినే 18.3, 83.9 అని చూపిస్తుంది. మ్యాపులో కొట్టడానికి నా ఓటు రెండోదానికే. డిగ్రీ గుర్తు కోసం కీబోర్డంతా వెతుక్కునే పని ఉండదు. కాకపోతే చేతిలో ఉన్న కాగితం మీద మొదటి రూపమే ఉంటే, చిక్కు అక్కడ మొదలవుతుంది.

డిగ్రీ గుర్తు తీసేసి చుక్క పెడితే చాలనుకుని 18.18, 83.54 అని కొట్టేవాళ్లున్నారు. మ్యాపు ఏ అభ్యంతరమూ చెప్పదు. గుర్తు మాత్రం నైరుతి దిక్కుగా దాదాపు 40 కిలోమీటర్లు జరిగి విజయనగరం జిల్లాలో దిగుతుంది. అక్కడా నేలే కాబట్టి అనుమానం రాదు. కళింగపట్నం వైపు 84°07′ను 84.7గా కొడితే గుర్తు సముద్రంలో పడుతుంది. ఒక రకంగా అదే నయం, తప్పు వెంటనే కనబడుతుంది.

డిగ్రీకి 60 నిమిషాలు, నిమిషానికి 60 సెకన్లు. అందుకే నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపాలి. 18°20′15″ అయితే లెక్క ఇలా ఉంటుంది:

```
18 + 20/60 + 15/3600 = 18.3375
```

సరిచూసుకోవడం తేలికే. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే .5. కాబట్టి 54 నిమిషాలు .9 దగ్గరకు రావాలి. .54 వచ్చిందంటే భాగించడం మరిచిపోయినట్టే.

లెక్క వద్దనుకుంటే గూగుల్ మ్యాప్స్‌లో `18°18'00"N 83°54'00"E` అని నేరుగా కొట్టినా తీసుకుంటుంది. ఈ రూపానికి ఉన్న అసలు బలం చివరి N, E అక్షరాలు. ఏది అక్షాంశమో అవే చెబుతాయి. దశాంశంలో ఆ కాపలా లేదు, ముందు రాసిందే అక్షాంశం. తిరగేసి 83.9, 18.3 అని కొడితే ఉత్తర ధ్రువం దిక్కున, స్వాల్‌బార్డ్ దీవులకు పైన మంచు సముద్రంలో తేలతాం.

పడవల్లోని జీపీఎస్ పరికరాల్లో చాలావరకు కనిపించే మూడో రూపం ఈ రెండింటికీ మధ్యస్థం: 18°20.250′. ఇందులో చుక్క తర్వాతివి సెకన్లు కావు, నిమిషంలో భాగం. .250 అంటే పావు నిమిషం, 15 సెకన్లు. 25 సెకన్లని చదివితే ఉత్తరానికి 300 మీటర్లు తప్పుతాం. దీన్ని మార్చే శ్రమ అక్కరలేదు. `18 20.250, 84 07.500` అన్నట్టు డిగ్రీకీ నిమిషానికీ మధ్య ఖాళీ వదిలి కొడితే గూగుల్ మ్యాప్స్ అర్థం చేసుకుంటుంది.