ఫోటోషాప్‌లో నవ్వు కలపాలంటే వార్పా, లిక్విఫైయా?

అక్షింతలు పడే క్షణంలో తీసిన ఫోటోలో పెళ్లికూతురు నిండుగా నవ్వుతోంది, పళ్లు మాత్రం కనిపించడం లేదు. కళ్లు మూసుకుపోయాయి, ముక్కు మీద గింజలు అడ్డొచ్చాయి. రెండు ఫ్రేముల ముందు ముఖం శుభ్రంగానే ఉంది, కాకపోతే నవ్వు సన్నగా ఉంది. ఆ ముఖాన్ని తెచ్చి పెడితే అతుకు కనబడకపోయినా తేడా కొడుతుంది. మాస్క్ బయట మిగిలిన బుగ్గలు నిండు నవ్వువి, లోపలి పెదవులు సన్న నవ్వువి.

వార్పైనా లిక్విఫై అయినా మొదటి పని ఒకటే. తెచ్చిన ముఖాన్ని స్మార్ట్ ఆబ్జెక్ట్ చేసి, ఒపాసిటీ 50 శాతానికి తగ్గించి, కళ్ల లోపలి మూలలు, ముక్కు దూలం సరిపోయేలా కూర్చండి. నవ్వితే కదలనివి అవే. నోటి వెడల్పు చూసి సైజు పెంచితే ముఖమంతా పెద్దదైపోతుంది.

వార్ప్‌లో (`Ctrl+T`, రైట్ క్లిక్, `Warp`) ఒక్కో గడి పెద్దది. పెదవి మూలను లాగితే బుగ్గా, ముక్కుపుటమూ దాని వెంటే వస్తాయి. ముక్కుపుటాలు ఎగుడుదిగుడయ్యాయంటే ఎక్కువ లాగినట్టే. దవడ వెడల్పు, గడ్డం వాలు కలపడానికి మాత్రం ఇదే మేలు, ఎందుకంటే అక్కడ కావలసింది మెత్తటి, విశాలమైన వంపు.

నవ్వుకు నా ఓటు లిక్విఫైకే. ముఖం కెమెరా వైపు ఉంటే దాన్ని అదే గుర్తిస్తుంది. `Smile` 20 దగ్గర మొదలుపెట్టి, `Mouth Width` కొద్దిగా పెంచి, OK కొట్టి, 50 శాతం ఒపాసిటీలో కింది ముఖంతో పోల్చండి. చాలకపోతే లేయర్ కింద ఫిల్టర్ పేరు మీద డబుల్ క్లిక్ చేస్తే మళ్లీ అక్కడికే వెళ్తారు. స్లైడర్‌ను మరీ తోస్తే పెదవి మూలలు కొక్కేల్లా వంగుతాయి. అది కనబడగానే వెనక్కి తగ్గి, మిగతాది `Forward Warp`తో చేయండి. ముందు ముక్కును `Freeze Mask`తో కప్పండి. బ్రష్ సగం నోరంత పెద్దదిగా, ప్రెషర్ తక్కువగా ఉండాలి; చిన్న బ్రష్ వాడితే పెదవి అంచు అలలు తేలుతుంది. మూలను నేరుగా పైకి కాదు, చెవి వైపు ఏటవాలుగా తోయండి, నవ్వే కండరం లాగేది అటే. తర్వాత `Eye Height` కాస్త తగ్గించండి. నిండుగా నవ్వినప్పుడు కింది రెప్ప పైకి లేస్తుంది. కళ్లు విప్పారి ఉంటే ఆ నవ్వు పెదవులకే అంటుకున్నట్టుంటుంది.

ముక్కు పక్క నుంచి పెదవి మూలకు దిగే గీతను ఈ రెండూ పుట్టించలేవు. మాస్క్ అంచును ఆ గీతకు లోపలి వైపు నడిపితే అసలు ఫోటోలోని గీతే మిగులుతుంది. పళ్ల సంగతీ అంతే: పళ్లు కనబడే నవ్వుకు మూసిన పెదవులను ఎంత లాగినా లాభం లేదు, వేరే ఫ్రేము వెతకాల్సిందే. ముఖం బాగా పక్కకు తిరిగితే స్లైడర్లు పనిచేయవు. అప్పుడు ముందు వార్ప్‌తో దవడ కలిపి, మూలలను `Forward Warp`తో చేత్తోనే దిద్దుకోవాలి.