గానుగ నూనె దుకాణంలో లైఫ్‌టైమ్ వాల్యూ లెక్క: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

మహబూబ్‌నగర్‌లో మాది గానుగ నూనె దుకాణం. అమ్మేదాంట్లో ఎక్కువ భాగం పల్లి నూనె. ఒక గిరాకీ మన దగ్గర కొంటున్నంత కాలం మొత్తం మీద మనకు ఎంత మిగులుస్తారో చెప్పే లెక్కను కస్టమర్ లైఫ్‌టైమ్ వాల్యూ అంటారు. దీని పెద్ద రూపాలకు సాఫ్ట్‌వేర్ కావాలి. నేను వాడేది అన్నిటికన్నా చిన్నది, గూగుల్ షీట్‌లో ఒక్క గడిలో పట్టేస్తుంది:

```
=B1*B2*B3/(1-B4)
```

B1లో సగటు బిల్లు, B2లో ఒక్కో గిరాకీ ఏడాదికి ఎన్నిసార్లు కొన్నారు, B3లో ఖర్చులు పోగా మిగిలే శాతం, B4లో రిటెన్షన్, అంటే పోయినేడు కొన్నవాళ్లలో ఈ ఏడు మళ్లీ కొన్నవాళ్ల శాతం.

మా షీట్‌లోని ఒక ఏడాది లెక్క చూపిస్తాను. సులువుగా ఉండాలని అంకెలను కాస్త గుండ్రం చేశాను. ఆ ఏడాది 480 మంది కొన్నారు, బిల్లులు 1,920, అమ్మకం 12,28,800 రూపాయలు. అంటే సగటు బిల్లు 640, ఒక్కొక్కరు నాలుగుసార్లు కొన్నట్టు. గింజలు, కూలి, సీసాలు, ఆటో ఖర్చు పోగా, పల్లి చెక్క అమ్మిన డబ్బు కలుపుకుంటే మిగిలేది 20 శాతం. అంతకుముందు ఏడు కొన్న 400 మందిలో 240 మంది మళ్లీ వచ్చారు కాబట్టి రిటెన్షన్ 60 శాతం. ఒకటిని 0.4తో భాగిస్తే రెండున్నర. అంటే సగటున ఒక గిరాకీ రెండున్నరేళ్లు మనతో ఉంటారని ఈ ఫార్ములా లెక్క. బిల్లుకు 128 రూపాయల మిగులు, ఏడాదికి 512, మొత్తం 1,280.

చాలామంది 20 శాతం మిగులును వదిలేసి 6,400 అని రాసుకుంటారు. అది అమ్మకం, లాభం కాదు. యాసంగి పల్లి బాదేపల్లి మార్కెట్‌కు దిగినప్పుడు ఒక ధర, ఆ తర్వాత ఒక ధర. లీటరు నూనెకు రెండున్నర కిలోల దాకా గింజలు పడతాయి కాబట్టి ఆ తేడా నేరుగా B3లోకి వస్తుంది. అందుకే నేను ఏడాది మొత్తం సగటు వేస్తాను.

ఏడాది అనే గడువు కూడా ఊరికే పెట్టుకున్నది కాదు. సంక్రాంతికి సకినాలు, అప్పాలు కాలుస్తారు. ఎండాకాలం మామిడికాయ తొక్కుకు ఒక్కో ఇంట్లో ఐదు లీటర్లు తీసుకుంటారు. వానాకాలంలో అంత ఉండదు. మూడు నెలల ముక్క తీసుకుని రిటెన్షన్ లెక్కిస్తే ఎండాకాలంలో అందరూ మనవాళ్లే అనిపిస్తుంది, వానాకాలంలో అందరూ పోయారని టెన్షన్ పుడుతుంది. నెలవారీ రిటెన్షన్‌ను ఏడాది కొనుగోళ్లతో కలిపితే ఇంకా అన్యాయం. ఫలితం పన్నెండు రెట్లు తప్పుతుంది. B2, B4 రెండూ ఒకే గడువువి కావాలి.

ఇక ఈ ఫార్ములాతో నాకున్న అసలు పేచీ B4 దగ్గరే. ఆ గడిలో 60% పెడితే రెండున్నరేళ్లు, 80% పెడితే ఐదేళ్లు, 90% పెడితే పదేళ్లు. పెద్ద శాతాల దగ్గర చిన్న తేడా వచ్చినా జవాబు ఎక్కడికో పోతుంది. పైగా ఏటా అదే శాతం నిలుస్తారని ఫార్ములా అనుకుంటుంది. మా దుకాణంలో ఎన్నడూ అలా జరగలేదు.

ఆ 400 మందినే విడదీసి చూడండి. వాళ్లలో 250 మంది ఆ ఏడాదే కొత్తగా వచ్చినవాళ్లు, 150 మంది అంతకుముందు నుంచే కొంటున్నవాళ్లు. కొత్తవాళ్లలో మళ్లీ వచ్చింది 110 మంది, అంటే 44 శాతం. పాతవాళ్లలో 130 మంది, దాదాపు 87 శాతం. రెండూ కలిస్తే 60 అయింది గానీ, 60 శాతం లెక్కన నడుచుకునే మనిషి అందులో ఎవరూ లేరు. కొనుగోళ్లూ అంతే. ఈ ఏడు కొన్న 480 మందిలో కొత్తవాళ్లు 240, వాళ్లు సగటున రెండుసార్లే కొన్నారు. మళ్లీ వచ్చిన 240 మంది ఆరుసార్లు కొన్నారు. సగటు నాలుగు.

అందుకే ఇప్పుడు కొత్త గిరాకీ విలువను మూడేళ్లకు కట్టేసి, ఏడాదికో వరుస వేస్తాను. మొదటి ఏడాది రెండు బిల్లులు, 256 రూపాయలు. రెండో ఏడాది ఆరు బిల్లులకు 768, అందులో 44 శాతం అంటే 338. మూడో ఏడాది దానిలో 87 శాతం, సుమారు 293. మొత్తం 887. మూడేళ్ల తర్వాత వచ్చేది ఎంతున్నా దాన్ని లెక్కలోకి తీసుకోను. 87 శాతాన్ని ఫార్ములాకు అప్పజెబితే పాతవాళ్లు ఇంకో ఏడున్నరేళ్లు ఉంటారని చెబుతుంది. అంత దూరం లెక్కగట్టే ధైర్యం నాకు లేదు.

1,280కీ 887కీ ఉన్న తేడా ఖర్చు పెట్టేటప్పుడు తెలుస్తుంది. పేపర్లో పాంప్లెట్లు పెట్టించడానికి 6,000 అయి 15 మంది కొత్తవాళ్లు వచ్చారనుకోండి, తలకు 400 పడ్డట్టు. 1,280 పక్కన పెడితే అది చాలా చవక. వరుస లెక్కలో చూస్తే మొదటి ఏడాది చేతికొచ్చేది 256 మాత్రమే, మిగతా 144 రూపాయలు మన జేబులోంచే. నష్టమని కాదు, కానీ ఆ డబ్బు వచ్చే ఏడాది దాకా తిరిగి రాదు. చిన్న దుకాణానికి అదే పెద్ద విషయం. నా పరిమితి తలకు 300.

డబ్బు పెట్టాల్సింది ఎక్కడో కూడా ఈ విడదీత చెప్పింది. 44 శాతం 54కు పెరిగితే ఒక్కో కొత్త గిరాకీ మీద మూడేళ్లలో 143 రూపాయలు ఎక్కువ మిగులుతుంది. అందుకని మొదటిసారి రెండు లీటర్లు కొన్నవాళ్లకు, నూనె అయిపోయే సమయానికి ఫోన్ చేసి, ఆర్డర్ పెడితే చిన్న నువ్వుల నూనె సీసా ఉచితంగా పంపుతున్నాం. అందరికీ పది శాతం తగ్గిస్తే మాత్రం 20లో సగం పోయినట్టే. ఎలాగూ వచ్చే పాతవాళ్ల మీద కూడా ఆ సగం వదులుకోవడం నాకు నచ్చదు.

షీట్ నింపేటప్పుడు రెండు చోట్ల జాగ్రత్త. మిఠాయి దుకాణాలు, మెస్‌లది వేరే షీట్. వారానికి 4,500 పెట్టి 15 లీటర్ల డబ్బా తీసుకునే ఒక్క దుకాణం ఇళ్ల జాబితాలో కలిస్తే సగటు బిల్లు 640 నుంచి 742కు లేస్తుంది. ఇళ్లవాళ్లు ఒక్క చుక్క ఎక్కువ కొనకుండానే! రెండోది ఫోన్ నంబర్. నంబర్‌తో గిరాకీని గుర్తుపడితే, సారు నంబర్ నుంచి పోయినేడు, మేడమ్ నంబర్ నుంచి ఈ ఏడు ఆర్డర్ వచ్చిన ఇల్లు ఒక పాత గిరాకీ పోయి ఒక కొత్త గిరాకీ వచ్చినట్టు కనిపిస్తుంది. జడ్చర్ల నుంచి కొనే ఒకావిడను కొత్తా అని అడిగితే, "అది మా సారుది, ఇది నాది, నూనె మాత్రం అదే గిన్నెలకు పోతది" అన్నారు. ఇప్పుడు నంబర్‌తో పాటు కాలనీ, ఇంటి నంబర్ కూడా రాసుకుంటున్నాం.

రెండేళ్ల బిల్లులు చేతిలో ఉన్న కిరాణం, పాలు, నూనె, పచ్చళ్ల వ్యాపారాలకు ఈ లెక్క పనికొస్తుంది. మిక్సీలు, పెళ్లి బట్టలు అమ్మేవాళ్లకు ఏడాది రిటెన్షన్ ఏమీ చెప్పదు. నిన్నగాక మొన్న తెరిచిన దుకాణానికి B4 ఉండదు, వేరేవాళ్ల అంకె తెచ్చి అందులో పెట్టకండి. మొదటి ఏడాది వచ్చే మిగులునే పరిమితిగా పెట్టుకుని, బిల్లు మీద పేరు, ఇల్లు, తేదీ రాస్తూ ఉంటే చాలు.