చేతిరాత కొనుగోలు బిల్లులు: నేరుగా టాలీలోనా, ముందు ఎక్సెల్‌లోనా?

కిరాణా, ఫ్యాన్సీ షాపుల లెక్కలు రాసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. నా దృష్టిలో తేల్చే విషయం ఒక్కటే: బిల్లు మీద చేత్తో రాసిన మొత్తం, మనం గుణించి తెచ్చిన మొత్తం విడివిడిగా పక్కపక్కన కనబడుతున్నాయా లేదా?

ఒక బిల్లులో ఇలా రాసి ఉందనుకుందాం. సబ్బులు 3401 కోడ్, 48 × 32.50 = 1,560. బట్టల పౌడర్ 3402, 20 × 118 = 2,630. తల నూనె 3305, 24 × 75 = 1,800. సబ్బుకీ నూనెకీ 5 శాతం, పౌడర్‌కి 18 శాతం. చివర రాసిన మొత్తం 6,631.

టాలీలో ఐటమ్ ఇన్వాయిస్‌గా కొడితే సంఖ్య, ధర ఇవ్వగానే పౌడర్‌కి 2,360 అదే వేసుకుంటుంది. మొత్తం 6,312.80, అంటే 6,313 వస్తుంది. తేడా 318. ఏ వరుసలో వచ్చిందో తెర చెప్పదు. నెలాఖరు హడావుడిలో దాన్ని రౌండ్ ఆఫ్ లెడ్జర్‌లో తోసేసేవాళ్లు ఉన్నారు. అది పెద్ద తప్పు. రౌండ్ ఆఫ్‌లో రూపాయిలోపు పైసలే ఉండాలి.

ఎక్సెల్‌లో C సంఖ్య, D ధర, E బిల్లులో రాసిన మొత్తం అనుకుంటే, పక్క గడిలో ఇది పెట్టండి:

```
=ROUND(C3*D3,2)-E3
```

పౌడర్ వరుసలోనే -270 కనబడుతుంది. 270ని 9 భాగిస్తుంది. అలా భాగిస్తే ముందు పక్కపక్క అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. ఇక్కడ 2,360 కాస్తా 2,630 అయింది. E గడిని మాత్రం బిల్లు చూసే నింపాలి, ఫార్ములాతో నింపితే తనిఖీయే ఉండదు.

పన్నును ఒక్కో రేటు కింద వచ్చిన విలువలన్నీ కూడి చూడండి: 3,360 మీద సీజీఎస్టీ 84, ఎస్‌జీఎస్టీ 84, 2,360 మీద చెరో 212.40. వరుసవరుసకీ పన్ను తీస్తే పైసల్లో తేడాలొస్తాయి. కోడ్ గడిని ముందే టెక్స్ట్‌గా మార్చుకోకపోతే టీపొడి 0902 కాస్తా 902 అయిపోతుంది.

టాలీకి ఉన్న బలం ఐటమ్ మాస్టర్‌లో కోడ్, రేటు ఉండటం. కానీ 2025 సెప్టెంబర్ 22న సబ్బు, తల నూనె 18 నుంచి 5 శాతానికి దిగాయి. మాస్టర్‌లో తేదీ సరిగ్గా లేకపోతే అంతకుముందు బిల్లుకీ 5 శాతమే పడుతుంది.

ఫోన్‌తో ఫొటో తీసి చదివించే యాప్‌లు అచ్చు బిల్లులకి సరే. చేతిరాతలో 1, 7 కలిసిపోతే మళ్లీ కళ్లతో చూడక తప్పదు.

ఒకటి రెండు వరుసల బిల్లయితే నేరుగా టాలీ చాలు. అంతకుమించితే ఎక్సెల్‌లో సరిచూశాకే టాలీలోకి దించండి. తేడా దొరికితే మీరే దిద్దుకోవద్దు, అమ్మినాయనకు ఫోన్ చేయండి. ఆయన జీఎస్‌టీఆర్-1లో 2,630 చూపించి ఉంటే మీ 2బీలో కూడా అదే వస్తుంది. అప్పుడు ఆయన దగ్గర నుంచి 270 విలువకీ, దాని మీద 48.60 పన్నుకీ క్రెడిట్ నోట్ తీసుకోవాలి.