పవర్ ఆఫ్ అటార్నీ మీద స్థలం కొంటున్నారా? పవర్ ఇచ్చిన మనిషి ఇంకా ఉన్నాడో లేడో ముందు కనుక్కోండి

విజయనగరంలో నెల్లిమర్ల రోడ్డు వైపు 200 గజాల స్థలం కొని నేను పడుతున్న అవస్థ ఇది. కాగితాలన్నీ చూసే కొన్నాను, అయినా మోసపోయాను. ఎక్కడ దెబ్బ తిన్నానో వివరంగా రాస్తున్నాను.

స్థలం అసలు యజమాని భిలాయి స్టీల్ ప్లాంటులో పని చేసి రిటైరైన పెద్దాయన. అక్కడే స్థిరపడిపోయారు. మాటిమాటికీ ఇక్కడికి రాలేనని 2019లో విజయనగరం వచ్చి, అన్నగారి కొడుక్కి జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసి రిజిస్టర్ చేయించారు. స్థలం అమ్మడానికి, డబ్బు తీసుకోవడానికి, దస్తావేజు మీద సంతకం చేయడానికి అధికారం ఇచ్చారు. అప్పటికి అందులో తప్పేమీ లేదు.

2023 ఆగస్టు చివర్లో బ్రోకర్ నన్ను ఆ అబ్బాయి దగ్గరికి తీసుకెళ్ళాడు. గుండుతో ఉన్నాడు, వెంట్రుకలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. "సింహాచలం వెళ్ళొచ్చారా?" అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. బేరం 9 లక్షలకు కుదిరింది, లక్ష అడ్వాన్స్ ఇచ్చాను. "ఒకసారి మీ చిన్నాన్నగారితో మాట్లాడించండి" అంటే "పెద్దాయనకి వినపడదు బాబూ, పవరు నా చేతిలో ఉంది కదేటి" అన్నాడు. స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ తీశాను, శుభ్రంగా ఉంది. పవర్ రద్దు చేసినట్టు ఎక్కడా లేదు. నవంబరు 14న రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఖర్చు ఏడున్నర శాతం, అంటే 67,500 రూపాయలు పైన పడింది.

ఇల్లు కట్టుకుందామని బ్యాంకు లోన్‌కి వెళ్తే అప్పుడు తగిలింది మెలిక. బ్యాంకు లాయరు ఫైలు తిరగేసి ఒకే మాట అడిగారు: "రిజిస్ట్రేషన్ రోజుకి పవర్ ఇచ్చినాయన బతికున్నట్టు రుజువు ఏదీ?" నా దగ్గర లేదు. అబ్బాయికి ఫోన్ చేస్తే రేపు మాపు అంటూ తిప్పాడు. ఇక లాభం లేదని పవర్ కాగితంలో ఉన్న అడ్రసు పట్టుకుని, రాయగడ మీదుగా వెళ్ళే రైలెక్కి భిలాయి వెళ్ళాను. తలుపు తీయగానే ఎదురుగా గోడ మీద పెద్దాయన ఫొటో, దానికి గంధపు దండ. ఆయన భార్య దస్తావేజు నకలు చూసి "నవంబరులో అమ్మడమేమిటి బాబూ, ఆయన ఆగస్టు 8నే పోయారు. తలకొరివి పెట్టింది కూడా వాడే" అన్నారు. ఆ గుండు సంగతి నాకు అప్పుడు అర్థమైంది. ఆయనకి ఇద్దరూ కూతుళ్ళే.

పవర్ అంటే నా బదులు నువ్వు సంతకం చెయ్యి అని ఇచ్చే అధికారం, అంతే. ఆస్తి ఆ మనిషి చేతికి రాదు. ఎవరి బదులు చేస్తున్నాడో ఆయనే లేనప్పుడు ఇక ఎవరి బదులు? 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ఇదే చెబుతుంది: ఇచ్చినవాడు పోయినా, పుచ్చుకున్నవాడు పోయినా ఆ అధికారం ముగుస్తుంది. ఎవరూ రద్దు పత్రం రాయక్కర్లేదు. నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే. రద్దు పత్రం రిజిస్టర్ అయితే ఈసీలో కనపడుతుంది కానీ, చావు ఈసీలో కనపడదు. పవర్ రిజిస్టర్ అయిందన్నదానికి అర్థం కూడా 2019లో ఆయన సంతకం పెట్టారనే తప్ప, 2023లో బతికున్నారని కాదు.

మా పవర్‌లో ఇంకో వాక్యం ఉంది, 'ఈ అధికారం రద్దు చేయరానిది' అని. అది చూసే నేను ధైర్యపడ్డాను. ఆ మాట రాసినంత మాత్రాన ఏమీ కాదని లాయరు చెప్పారు. 202వ సెక్షన్ ఒక మినహాయింపు ఇస్తుంది, అయితే అది పవర్ పుచ్చుకున్నవాడికి ఆ ఆస్తిలోనే సొంత హక్కు ఉన్నప్పుడు. ఉదాహరణకి నేను మీకు అప్పు ఉన్నాను, నా స్థలం అమ్మి మీ బాకీ జమ చేసుకోమని మీకే పవర్ ఇచ్చాను అనుకోండి. నేను పోయినా అది నిలుస్తుంది. అమ్మిపెట్టినందుకు కమీషన్ వస్తుందన్నది అలాంటి హక్కు కాదు. బెంగళూరు స్థలం ఒకదాని మీద 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులోనూ ఇదే తేలింది. యజమాని పోయాక పవర్ పట్టుకుని రాసిన దస్తావేజు చెల్లలేదు.

"నాకు తెలియదు కదా, తెలియక కొన్నవాడికి రక్షణ లేదా?" అని నేనూ అడిగాను. 208వ సెక్షన్ ఉంది. అధికారం ముగిసిన సంగతి ఏజెంటుకి, అంటే పవర్ పుచ్చుకున్నవాడికి, తెలిసినప్పటి నుంచి అతనికి, బయటివాళ్ళకి తెలిసినప్పటి నుంచి వాళ్ళకి వర్తిస్తుందంటుంది. కానీ ఇక్కడ ఏజెంటు స్వయంగా కర్మ చేసినవాడు. నాకు తెలియదని నేను కోర్టులో వాదించుకోవచ్చు. "నాలుగేళ్ళ నాటి పవర్ చూసి కూడా యజమానితో ఒక్కసారి మాట్లాడలేదేం?" అని అవతలి లాయరు అడిగితే నా దగ్గర జవాబు లేదు.

పెద్దాయన పోయాక ఆ అబ్బాయి చేయాల్సింది వేరే. 209వ సెక్షన్ ప్రకారం వారసుల తరఫున ఆస్తిని కాపాడాలి. అంటే ఎవరూ ఆక్రమించకుండా చూడటం, కాగితాలు, లెక్కలు వాళ్ళకి అప్పజెప్పడం. అంతే తప్ప అడ్వాన్స్ పట్టకూడదు, దస్తావేజు రాయకూడదు, ఆ పవర్ చూపించి ఆయన బ్యాంకు ఖాతాలో డబ్బు తీయకూడదు. పెద్దాయన బతికుండగా ఆయనే స్వయంగా ఎవరికైనా అమ్మకం అగ్రిమెంటు రాసి ఉన్నా సరే, దాని తాలూకు దస్తావేజు మీద ఇప్పుడు సంతకం పెట్టాల్సింది వారసులే. ఒప్పందం చావుతో పోదు, ఏజెంటు అధికారం పోతుంది. ఈ తేడా చాలామందికి తెలియదు, కొందరు డాక్యుమెంటు రైటర్లకి కూడా!

సంగతి బయటపడ్డాక బ్రోకర్ ఒక ఉపాయం చెప్పాడు. జూలై తేదీతో పెద్దాయనే అగ్రిమెంటు రాసినట్టు కాగితం పుట్టిద్దామన్నాడు. అంటే చచ్చిపోయిన మనిషి సంతకం ఎవరో పెట్టాలి. ఫోర్జరీ కేసులో నేనూ ముద్దాయినవుతాను. దండం పెట్టి పంపేశాను.

మీరు పవర్ మీద కొనేటట్టయితే బేరం రోజున ఒకసారి, రిజిస్ట్రేషన్ ఉదయం ఇంకోసారి యజమానితో వీడియో కాల్ చేయండి. ఆధార్ పక్కన పెట్టుకుని మాట్లాడమనండి. 'వినపడదు', 'నిద్రపోతున్నారు', 'ఆసుపత్రిలో ఉన్నారు' అంటే ఆ రోజుకి డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఆయన బతికే ఉన్నట్టు డాక్టరో గెజిటెడ్ అధికారో ఆ వారంలో ఇచ్చిన సర్టిఫికెట్ అడిగి తీసుకోండి. డబ్బు కూడా యజమాని ఖాతాకే వేయండి. నేను వేసింది అబ్బాయి ఖాతాకి.

ప్రస్తుతానికి నా దారి వారసుల చేత కొత్త దస్తావేజు రాయించుకోవడమే. భార్య, ఇద్దరు కూతుళ్ళు, ముగ్గురూ సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఖర్చు మళ్ళీ మొదటి నుంచి. ఆవిడ, పెద్దమ్మాయి సరేనన్నారు. చిన్నమ్మాయి మాత్రం "మా అన్నయ్యకి ఇచ్చింది మాకు ముట్టలేదు, ఇవాళ్టి ధర ఇవ్వండి" అంటోంది. ఆమెని తప్పు పట్టలేను. అబ్బాయి మీద డబ్బు కోసం దావాకి మూడేళ్ళ గడువు దాటకుండా నోటీసు పంపించాను. ఇంకా జవాబు రాలేదు.