ఇజ్నిక్ నుంచి కడికోయ్ దాకా: విశ్వాస ప్రమాణం పుట్టిన ఊళ్లు

ప్రభు భోజనం ఉన్న ఆదివారం మా చర్చిలో నైసియా విశ్వాస ప్రమాణం చెప్పుకుంటాం. చిన్నప్పటి నుంచీ కంఠతా వచ్చు. "సృష్టింపబడినవాడు కాదు, తండ్రితో ఒకే తత్వం గలవాడు" అన్న అర్థం వచ్చే చోట ఇంతగా నొక్కి చెప్పడం ఎందుకా అని ఎప్పుడూ అనిపించేది. ఇస్తాంబుల్ వెళ్లే అవకాశం రాగానే ఆ ప్రమాణం రాసిన బిషప్పుల సభ జరిగిన నైసియా ఎక్కడుందో చూడాలని మా ఆవిడా నేనూ అనుకున్నాం.

నైసియాను ఇప్పుడు ఇజ్నిక్ అంటారు. ఇస్తాంబుల్‌లోని యెనికపి రేవు నుంచి ఫెర్రీలో యలోవాకు వెళ్లి, అక్కడ మినీబస్సు ఎక్కాలి. అది సీట్లు నిండాకే కదులుతుంది కాబట్టి పొద్దున్నే బయలుదేరండి. సరస్సు ఒడ్డున ఒక చిన్న లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం పొద్దున రాలేదు, చెప్పినా పట్టించుకోలేదు. కిటికీ తీస్తే ఎదురుగా నీళ్లు కనిపిస్తాయి కాబట్టి మళ్లీ వెళ్లినా సరస్సు ఒడ్డునే ఉంటాను.

ఊళ్లో అయాసోఫియా అనే పాత చర్చి కట్టడం చూపించి "సభ ఇక్కడే జరిగింది" అనేవాళ్లు ఉన్నారు. అక్కడ జరిగింది చాలా తర్వాతి, 787 నాటి వేరే సభ. 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి పిలిచిన మొదటి సభ రాజభవనంలో జరిగింది, అది ఇప్పుడు లేదు. 2014లో ఆకాశం నుంచి తీసిన ఫొటోల్లో సరస్సు అడుగున ఒక పాత చర్చి పునాదులు బయటపడ్డాయి. అదీ సభ తర్వాత కట్టిందే అంటారు. అయినా నీళ్లలోంచి ఆ రాళ్ల వరస, అర్ధచంద్రాకారంలో గర్భాలయం గోడ కనిపిస్తుంటే మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మొదటి సభకు కారణమైన గొడవ మొదలైంది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో. అరియస్ అనే పాదిరి, దేవుడు ఒక్కడే, ఆయనకు ఆది లేదు, కుమారుడు పుట్టినవాడంటే "ఆయన లేని సమయం ఒకటి ఉంది" అన్నాడు. అంటే క్రీస్తు అందరికంటే గొప్పవాడే, కానీ సృష్టే. అక్కడి బిషప్ అలెగ్జాండర్ ఒప్పుకోలేదు. సృష్టిని ఆరాధించకూడదు కదా, మరి మనం క్రీస్తుకు ప్రార్థిస్తున్నాం, ఆయన పేరున బాప్తిస్మం ఇస్తున్నాం. సృష్టిలో ఒకడైనవాడు మిగతా సృష్టిని దేవుడితో ఎలా కలుపుతాడు? వాదం పదాల మీద నడిచినా, అసలు టెన్షన్ ఆరాధన గురించే.

దాదాపు 300 మంది బిషప్పులు బైబిల్ మాటలతోనే ప్రమాణం రాయాలని చూశారు. కుమారుడు "దేవుని నుంచి వచ్చినవాడు" అని రాద్దామంటే అరియస్ పక్షం వాళ్లు ఒకరికొకరు సైగ చేసుకున్నారని, అప్పట్లో అలెగ్జాండర్ దగ్గర డీకన్‌గా ఉన్న అథనాసియస్ తర్వాత రాశాడు. సమస్తమూ దేవుని నుంచి వచ్చిందేనని కొరింథీ పత్రికలో ఉంది కదా, కాబట్టి ఆ మాట వాళ్లకు ఇబ్బంది కాదు. ఏ వాక్యం పెట్టినా తమ అర్థంలో ఒప్పేసుకుంటున్నారు. అందుకే బైబిల్లో లేని గ్రీకు మాట "హోమోఊసియోస్", అంటే ఒకే తత్వం గలవాడు, తెచ్చి పెట్టారు. దాన్ని మాత్రం వాళ్లు మింగలేకపోయారు. నేను చిన్నప్పుడు అడిగిన ప్రశ్నకు జవాబు అదే: తప్పించుకునే దారి మూసేయడానికే ఆ మాట.

సంతకం పెట్టని ఇద్దరు లిబియా బిషప్పులను అరియస్‌తో పాటు దూరంగా ప్రవాసానికి పంపారు. గొడవ మాత్రం ఆగలేదు. ఆ మాటతో తండ్రీ కుమారుడూ ఒకరే అయిపోతారేమోనని చాలామంది భయపడ్డారు. మధ్యలో ఒక్క అక్షరం చేర్చి "హోమోయిఊసియోస్", అంటే పోలిన తత్వం గలవాడు, అందామన్నవాళ్లూ ఉన్నారు. చక్రవర్తి మారితే బిషప్పులూ మారారు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే ఇప్పటి ఇస్తాంబుల్‌లో, జరిగిన సభ దాకా ఇది సాగింది.

ఆ సభ జరిగిందని చెప్పే హాగియా ఐరీన్ అనే పాత చర్చి తోప్‌కాపి ప్యాలెస్ మొదటి ఆవరణలో ఉంది. ఇప్పటి కట్టడం ఆరో శతాబ్దానిది. మంగళవారం మూసేస్తారు, గుర్తుంచుకోండి. లోపల ఖాళీ గోడలు, పైన సాదా సిలువ మొజాయిక్. టైమ్ తక్కువుంటే వదిలేసినా ఫర్వాలేదు. 325 నాటి ప్రమాణం "పరిశుద్ధాత్మను నమ్ముచున్నాము" అన్న దగ్గర ఆగి, ఆ తర్వాత అరియస్ మాటలను శపిస్తుంది. మనం చెప్పుకునేది 381 నాటి పాఠం, అందులో శాపాలు లేవు. ఆత్మను కూడా తండ్రితో, కుమారునితో పాటు ఆరాధిస్తామన్న మాటలు చేరాయి. ఎందుకంటే అప్పటికి ఆత్మ కూడా సృష్టేనన్న వాదం లేచింది.

చివరి రోజు ఎమినోను నుంచి ఫెర్రీలో కడికోయ్ వెళ్లాం. పాత పేరు చాల్సెడన్. ఇరవై నిమిషాల ప్రయాణం, ఖర్చు తక్కువ, మొత్తం ట్రిప్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. క్రీస్తు పూర్తిగా దేవుడే అయితే ఆకలి వేసినవాడు, ఏడ్చినవాడు, చనిపోయినవాడు ఎవరు? నైసియా జవాబులోంచే పుట్టిన ఈ ప్రశ్న మీద 451లో ఇక్కడ సెయింట్ యుఫీమియా చర్చిలో సభ జరిగింది. దైవత్వం, మానవత్వం ఒకే వ్యక్తిలో కలిసిపోకుండా, మారకుండా, విడిపోకుండా, వేరుపడకుండా ఉన్నాయని తీర్మానించారు. ఎలా ఉన్నాయో చెప్పలేదు, ఎలా లేవో మాత్రమే చెప్పారు. 381 నాటి ప్రమాణం పూర్తి పాఠం మనకు మొదట దొరికేదీ ఈ సభ రికార్డుల్లోనే. ఈజిప్టు, సిరియా, ఆర్మేనియా చర్చిల్లో చాలామంది ఈ తీర్మానాన్ని ఒప్పుకోలేదు. కేరళలోని ఆర్థడాక్స్ సిరియన్ చర్చి ఇప్పటికీ ఆ వైపే ఉంది.

451 నాటి సభ జరిగిన ఆ పాత చర్చి ఆనవాళ్లు లేవు. చేపల దుకాణాల మధ్య యుఫీమియా పేరుతో ఒక చిన్న గ్రీకు చర్చి ఉంది. మేం వెళ్లేసరికి తలుపులు వేసి ఉన్నాయి. గడప దగ్గర నిలబడి మా ఆవిడా నేనూ తెలుగులో విశ్వాస ప్రమాణం మొత్తం చెప్పుకున్నాం.