నంబర్ మారి ఈ-ఫైలింగ్ ఖాతా మూసుకుపోతే నెట్ బ్యాంకింగ్ దారే కాపాడింది

చాలా ఏళ్లుగా నా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ నేనే వేసుకుంటున్నా. పోర్టల్ ఎలా ఉంటుందని ఎవరడిగినా, ఆధార్ ఓటీపీ ఉంటే చాలు, అన్నీ అయిపోతాయి అనేదాన్ని. ఇప్పుడు అంత ధీమాగా చెప్పలేను.

ఉద్యోగం మారినప్పుడు కంపెనీ సిమ్ తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది, ఆఫీస్ మెయిల్ కూడా అప్పుడే పోయింది. పోర్టల్‌లో ఉన్నవి ఆ రెండే, ఆధార్‌లో ఉన్నదీ ఆ నంబరే. రిటర్న్ గడువు దగ్గరపడ్డాక చూస్తే పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. Forgot Password నొక్కితే ఆధార్ ఓటీపీ, ఈ-ఫైలింగ్ ఓటీపీ, డిజిటల్ సంతకం అని దారులు చూపించింది. ఓటీపీలు రెండూ పాత నంబర్‌కే వెళ్తాయి, డిజిటల్ సంతకం నాలాంటి జీతగాళ్ల దగ్గర ఎక్కడుంటుంది? ఆ పూట పడ్డ టెన్షన్ ఇంతా అంతా కాదు.

అప్పుడు దొరికింది, లాగిన్ పేజీలోనే నెట్ బ్యాంకింగ్ ఆప్షన్. నా బ్యాంకు ఖాతాకి పాన్ లింక్ అయి ఉంది, కొత్త నంబర్ కూడా బ్యాంకులో ముందే మార్పించాను. బ్యాంకు సైట్‌లో లాగిన్ అయితే, పోర్టల్ పాస్‌వర్డ్ అడగకుండానే నేరుగా నా ఖాతాలోకి తీసుకెళ్లింది. ఎంత హాయిగా అనిపించిందో! వెంటనే ప్రొఫైల్‌లో కాంటాక్ట్ వివరాలు తెరిచి కొత్త నంబరు, సొంత మెయిల్ ఇచ్చి వాటికి వచ్చిన ఓటీపీలు కొట్టాను. ఆ తర్వాత లాగౌట్ అయి మళ్లీ Forgot Passwordలో ఈ-ఫైలింగ్ ఓటీపీ ఎంచుకుంటే ఈసారి కొత్త నంబర్‌కే వచ్చింది, పాస్‌వర్డ్ మార్చేశాను.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. పోర్టల్‌లో నంబర్ మారినంత మాత్రాన ఆధార్‌లో మారదు, రెండూ వేరు. అందుకే రిటర్న్ వేశాక ఆధార్ ఓటీపీతో వెరిఫై చేయడం కుదరలేదు, దానికీ నెట్ బ్యాంకింగే వాడాను (వేసిన 30 రోజుల్లోపు వెరిఫై చేయాలి, లేకపోతే వెరిఫై చేసిన రోజే వేసినట్టు లెక్క). తర్వాత ఆధార్ సెంటర్‌కి వెళ్తే నంబర్ మార్చడానికి కాగితాలేవీ అడగలేదు, వేలిముద్రలతో సరిపోయింది.

బ్యాంకులో కూడా పాత నంబరే ఉంటే మాత్రం నా దారి పనికిరాదు, ముందు బ్యాంకుకో ఆధార్ సెంటర్‌కో పోవాలి, లేదంటే హెల్ప్‌డెస్క్‌ని అడగాలి. మా తమ్ముడికి అదే అయింది. వాడు సొంత మెయిల్ నుంచి పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కి రాశాడు. పాన్ కార్డు స్కాన్, ఫోటో ఉన్న గుర్తింపు రుజువు, చిరునామా రుజువు, పాస్‌వర్డ్ ఎందుకు మార్చాలో కారణం చెబుతూ సంతకం చేసిన లేఖ, అన్నిటి మీదా తన సంతకం పెట్టి పంపాడు. పని జరిగింది కానీ, గడువు నెత్తిమీద ఉన్నప్పుడు ఆ జవాబు కోసం ఎదురుచూడటం కష్టమే.

నాకైతే పోర్టల్ ఇప్పటికీ నచ్చుతుంది, కానీ నాకు పాన్ లింకైన బ్యాంకు, పనిచేసే నెట్ బ్యాంకింగ్ ఉన్నాయి కాబట్టి ఈ మాట అంటున్నా.