అవధుల చిట్కాలు: ఐదేళ్లు వాడాక ఏవి మిగిలాయి

ఇంటర్ మొదటి ఏడాదిలో అవధుల అధ్యాయం మొదలైన వారానికే నా నోటుపుస్తకం చివరి పేజీ చిట్కాలతో నిండిపోయింది. ఇంటర్ రెండేళ్లు, లాంగ్‌టర్మ్ ఒక ఏడాది, ఆ తర్వాత రెండేళ్లు సాయంత్రాల్లో జూనియర్లకు లెక్కలు చెప్పడం. ఈ ఐదేళ్లలో ఆ పేజీలోని చిట్కాలన్నీ గడియారం పక్కన పెట్టుకునే వాడాను. వాటిలో ఇప్పటికీ రోజూ చేతికి వచ్చేది ఒక్కటే: శ్రేణి విస్తరణ. లోపిటాల్ నియమానికి రెండో స్థానం ఇస్తాను. 1^∞ సూత్రం చాలా మంచిది, కానీ ఒక షరతుంది. x స్థానంలో 0.1 పెట్టి ఐచ్ఛికాలతో పోల్చమనే చిట్కాను మాత్రం కొట్టేశాను.

ముందు సమయం లెక్క చూద్దాం. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, అంటే ప్రశ్నకు 67 సెకన్ల పైచిలుకు. జేఈఈ మెయిన్‌లో అంతే సమయానికి 75 ప్రశ్నలు, ఒక్కోదానికి 2 నిమిషాల 24 సెకన్లు. కానీ గణితానికి ఈ సగటు ఎప్పుడూ సరిపోదు. రసాయనశాస్త్రంలో మిగుల్చుకున్నదంతా ఇక్కడే ఖర్చవుతుంది. ఆ గణితంలోనూ అవధుల ప్రశ్న సమయం మిగిల్చే రకమే తప్ప మింగే రకం కాదు. దారి సరైనదైతే నాలుగు వరుసల్లో తేలుతుంది, తప్పుదైతే పేజీ నిండినా తేలదు. అందుకే నా దృష్టిలో చిట్కా నాణ్యతకు కొలత అది ఎంత వేగంగా జవాబు ఇస్తుందన్నది కాదు, దారి తప్పామని ఎంత తొందరగా చెబుతుందన్నది.

0.1 పెట్టే చిట్కా ఎందుకు పనికిరాలేదో చెబుతాను. (tan x − sin x)/x³ తీసుకోండి. x = 0.1 అయితే tan విలువ సుమారు 0.1003, sin విలువ సుమారు 0.0998. తేడా 0.0005, దాన్ని 0.001తో భాగిస్తే 0.5. జవాబు సరైనదే. కానీ కాలిక్యులేటర్ లేని పరీక్షలో tan 0.1 విలువ నాలుగు దశాంశ స్థానాల వరకు ఎక్కడ దొరుకుతుంది? మూడు స్థానాలతో సరిపెట్టుకుంటే రెండూ 0.100 అయిపోయి తేడా సున్నా వస్తుంది. ఆ నాలుగో స్థానం కావాలంటే x + x³/3 రాయాల్సిందే, అంటే శ్రేణి విస్తరణే. అది రాయగలిగినవాడికి 0.1తో పనేముంది?

అసలు ఈ లెక్కకు శ్రేణి కూడా అక్కర్లేదు. tan x ను ఉమ్మడిగా బయటకు తీస్తే tan x (1 − cos x)/x³ అవుతుంది. tan x/x విలువ 1, (1 − cos x)/x² విలువ 1/2. పది సెకన్లు. ఏ చిట్కా వాడబోయినా ముందు ఉమ్మడి కారణాంకం ఉందేమో చూడటం నాకు చాలా ఆలస్యంగా అలవడింది. లాంగ్‌టర్మ్‌లో సగం ఏడాది దాకా 0/0 కనబడగానే చెయ్యి దానంతటదే అవకలనం మొదలుపెట్టేది.

లోపిటాల్ నియమం మీద నాకు కోపమేమీ లేదు. లవం, హారం రెండూ ఒకటి రెండు అవకలనాలతో సులభమయ్యే చోట దానికి తిరుగులేదు. లవంలో లబ్ధాలు, ఘాతంలో x, ప్రమేయంలో ప్రమేయం ఉన్నప్పుడు మాత్రం ప్రతి అవకలనానికీ పదాలు రెట్టింపవుతాయి. ఇంకో లోపం కూడా ఉంది: అవకలజాల నిష్పత్తికి అవధి లేకపోతే ఈ నియమం ఏమీ చెప్పదు. x అనంతానికి పోయేటప్పుడు (x + sin x)/x అవధి 1 అని చూడగానే తెలుస్తుంది. నియమం వాడితే 1 + cos x వచ్చి ఊగిసలాడుతుంది. అది చూసి 'అవధి లేదు' అనే ఐచ్ఛికం గుర్తు పెట్టినవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఇక శ్రేణి విస్తరణ. గుర్తుంచుకోవాల్సినవి ఐదే: sin x = x − x³/6, cos x = 1 − x²/2 + x⁴/24, tan x = x + x³/3, e^x = 1 + x + x²/2 + x³/6, log(1+x) = x − x²/2 + x³/3. ఇవి అందరికీ నోటికి వస్తాయి. అసలు చిక్కు ఏ పదం దగ్గర ఆపాలన్నది. 'హారంలో x³ ఉంటే లవాన్నీ x³ దాకా రాయి' అన్న నియమం చాలావరకు సరిపోతుంది. అది బెడిసికొట్టే లెక్క ఒకటి ఇక్కడ చేసి చూపిస్తాను. నేను రెండుసార్లు, రెండు వేర్వేరు రకాలుగా తప్పు చేసిన లెక్క ఇది.

x → 0 అయినప్పుడు ((1+x)^(1/x) − e + ex/2)/x² అవధి కావాలి. లోపిటాల్‌తో మొదలుపెడితే (1+x)^(1/x) అవకలజంలోనే 1/(x(1+x)) − log(1+x)/x² వస్తుంది. అదీ మళ్లీ అనంతాల తేడా రూపమే. రెండో అవకలనానికి వెళ్లినవాళ్లు ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోతారు.

శ్రేణితో ఇలా వెళ్లాలి. (1+x)^(1/x) అంటే e ఘాతం log(1+x)/x. హారంలో x² ఉంది కాబట్టి log(1+x) ను x² దాకా రాస్తే చాలనుకున్నాను, మొదటి తప్పు అదే. దాన్ని x తో భాగిస్తున్నాం కాబట్టి ఒక ఘాతం తగ్గుతుంది, x³ దాకా రాయాలి. అప్పుడు ఘాతం 1 − x/2 + x²/3 అవుతుంది. e ని బయటకు తీస్తే లోపల e^(−x/2 + x²/3) మిగులుతుంది. దీన్ని 1 + (−x/2 + x²/3) అని రాసి ఆపడం రెండో తప్పు. −x/2 వర్గం కూడా x² పదమే, దానిలో సగం x²/8. మొత్తం x² గుణకం 1/3 + 1/8 = 11/24. లవంలో −e, ex/2 పదాలు మొదటి రెండు పదాలను రద్దు చేస్తాయి. జవాబు 11e/24.

మొదటి తప్పు చేస్తే e/8 వస్తుంది, రెండోది చేస్తే e/3 వస్తుంది. రెంటినీ కూడితే సరైన జవాబు. నా రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు అయ్యాయని తర్వాత గమనించి నవ్వుకున్నాను. ఇక్కడ ప్రమాదమేమిటంటే రెండు తప్పు జవాబులూ చూడటానికి శుభ్రంగా ఉంటాయి, ఐచ్ఛికాల్లో దొరికే అవకాశమూ ఎక్కువే. ఎక్కువ ముందుగా ఆపేశామని తెలిసే సందర్భం ఒక్కటే: పదాలన్నీ రద్దయి సున్నా మిగిలితే ఇంకో పదం రాయాలి. సున్నా కానిది మిగిలితే అనుమానమే రాదు. అందుకని ఇప్పుడు విస్తరణ మొదలుపెట్టే ముందే చివరికి కావలసిన ఘాతాన్ని మార్జిన్‌లో రాసి దాని చుట్టూ సున్నా చుడతాను. ఆ తర్వాత ప్రతి వరుసలో 'ఈ ఘాతానికి వంతు ఇచ్చే పదాలన్నీ వచ్చాయా' అని చూస్తాను. ఐదారు సెకన్లు పడుతుంది, అంతే.

a, b, c కనుక్కోమనే ప్రశ్నల్లో శ్రేణి మరో రకంగా ఆదుకుంటుంది. (a e^x − b cos x + c log(1+x))/x² అవధి 3 అన్నారనుకోండి. స్థిరపదం సున్నా కావాలి: a − b = 0. x గుణకం సున్నా కావాలి: a + c = 0. x² గుణకం 3: a/2 + b/2 − c/2 = 3. ఇక a = 2, b = 2, c = −2. లోపిటాల్‌తో చేసినా ఇంతే సమయం పడుతుంది. కానీ నా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామంది రెండుసార్లు గబగబా అవకలనం చేసేసి చివరి సమీకరణం ఒక్కటే రాసుకుంటారు. మూడు తెలియని రాశులకు ఒకే సమీకరణం ఎదురుగా పెట్టుకుని ప్రశ్న తప్పంటారు. ప్రతి మెట్టులోనూ 0/0 కావాలన్న షరతే ఒక సమీకరణమన్నది శ్రేణిలో దాచినా దాగదు.

1^∞ సూత్రం సంగతి క్లుప్తంగా చెబుతాను. f^g అవధి e^(g(f − 1) అవధి). (sin x/x)^(1/x²) అడిగితే f − 1 దాదాపు −x²/6, జవాబు e^(−1/6). ఐదు సెకన్ల పని. షరతు ఏమిటంటే f నిజంగా 1 వైపు పోవాలి. (sin 2x/x)^(1+x) కు ఇదే సూత్రం వేస్తే e వస్తుంది. అక్కడ ఆధారం 2 వైపు పోతోంది, జవాబు 2.

పరీక్షలో సమయాన్ని నేను ఇలా పంచుకునేవాణ్ని. మొదటి ఇరవై సెకన్లు కలం కదపకుండా రూపం చూడటానికి: 0/0 నా, 1^∞ నా, x దేనివైపు పోతోంది, కారణాంకం ఏదైనా ఉందా. x సున్నా వైపు కాకుండా π/2 వైపో 1 వైపో పోతుంటే మొదటి వరుసలోనే x = π/2 + h అని మార్చేయాలి. మార్చకుండా sin x బదులు x రాసేసిన జవాబులు నా పాత నోటుపుస్తకంలో బోలెడు. తొంభై సెకన్లు దాటినా కావలసిన ఘాతం దగ్గరపడకపోతే జేఈఈ మెయిన్‌లో `Mark for Review & Next` నొక్కి ముందుకు వెళ్లేవాణ్ని. అక్కడ తప్పు జవాబుకు ఒక మార్కు పోతుంది కాబట్టి సగం పనితో గుర్తు పెట్టడం దండగ. ఈఏపీసెట్‌లో తప్పుకు కోత లేదు. అక్కడ నిమిషం దాటితే గుర్తు ధనమా ఋణమా అన్నదైనా తేల్చుకుని మిగిలిన ఐచ్ఛికాల్లోంచి ఒకటి పెట్టి కదలాలి.

శ్రేణి నుంచి నేను ఆశించని లాభం ఒకటి గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం ఉన్న ప్రశ్నల్లో దొరికింది. x → 0 అయినప్పుడు [5 sin x/x] + [7 tan x/x] అవధి అడిగితే రెండు నిష్పత్తుల స్థానంలోనూ 1 పెట్టి 12 అని రాసేస్తారు. sin x/x = 1 − x²/6, అంటే 1 కన్నా రవ్వంత తక్కువ, కాబట్టి మొదటి బ్రాకెట్ 4. tan x/x = 1 + x²/3, 1 కన్నా రవ్వంత ఎక్కువ, రెండోది 7. మొత్తం 11. వర్గం కాబట్టి x ఏ వైపు నుంచి వచ్చినా ఇంతే, ఎడమ కుడి అవధులు విడివిడిగా చూడక్కర్లేదు. మొన్న ఒక అమ్మాయి ఇదే లెక్కకు 12 వేసి, 'అవధి 1 అయినప్పుడు 1 పెడితే తప్పేమిటన్నయ్యా?' అని అడిగింది. రెండు విస్తరణలూ పక్కపక్కన రాసి ఇచ్చాను. కాసేపు చూసి, మొదటి దానిలోని ఋణ గుర్తు చుట్టూ తనే సున్నా చుట్టింది.